తల్లి రొయ్య కంటి కాడ: హేచరీ నిబంధనలు రాసే అధికారులకు బహిరంగ లేఖ

రొయ్యల హేచరీలకు అనుమతులిచ్చే అధికారులకు, జంతు సంక్షేమ నియమాలు చూసే శాఖలకు, హేచరీ యజమానుల సంఘాలకు

అయ్యా, అమ్మా,

వనామీ రకం రొయ్యల హేచరీల్లో తల్లి రొయ్యల కంటి కాడ తీసేసే పద్ధతికి స్వస్తి చెప్పాలని, అందుకు ఒక గడువైనా పెట్టాలని మేమిచ్చిన వినతిపత్రం ఫైళ్లలోనే ఉండిపోయింది. నోటిమాటగా అందిన జవాబు రెండు ముక్కలు. రొయ్యకు నొప్పి తెలుస్తుందని ఎక్కడా తేలలేదన్నది మొదటిది. రొయ్యకు హక్కులున్నాయని ఏ చట్టమూ అనలేదన్నది రెండోది. ఇక అడగడానికేమీ లేదన్నట్టు మాట అక్కడితో తెగిపోయింది.

ఈ రెండు ముక్కలూ రెండు వేరువేరు వాదాల నుంచి వచ్చినవి. ఒక ప్రాణిని నీతి లెక్కలోకి తీసుకోవాలంటే అది బాధపడగలదా లేదా అని చూస్తే చాలంటుంది ఒక వాదం. బాధ ఒక్కటే చాలదు, ఆ ప్రాణికి తనదైన విలువ ఉందా, దాన్ని మన పనికి వాడుకునే అధికారం మనకుందా అని అడుగుతుంది మరొకటి. నొప్పి సంగతి ఎత్తితే హక్కులు లేవంటున్నారు, హక్కుల సంగతి ఎత్తితే నొప్పికి రుజువు లేదంటున్నారు. మధ్యలో తల్లి రొయ్య రెంటికీ చెడ్డ రేవడి అయింది. ఏ వాదాన్నయినా పట్టుకోండి, కానీ చివరిదాకా పట్టుకోండి. అలా పట్టుకుంటే ఈ ఒక్క పని విషయంలో ఏం తేలుతుందో కింద రాస్తున్నాం.

1. ముందుగా, తొట్టిలో జరిగేదేమిటి

వనామీ మన దేశంలో వాణిజ్య సాగుకు వచ్చింది 2009లో. తల్లి రొయ్యలు ఎక్కువగా విదేశాల నుంచి దిగుమతై, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రం దాటి హేచరీకి చేరతాయి. కొన్నాళ్లు నీళ్లకు అలవాటు పడనిచ్చాక ఆడ రొయ్యలకు ఒక కంటి కాడను తీసేస్తారు. కన్నులోపలి భాగాన్ని నొక్కి పిండడం, కాల్చిన పటకారుతో అదమడం, దారంతో బిగించి కట్టడం, కత్తెరతో కోయడం, ఇవీ వాడుకలో ఉన్న పద్ధతులు. మగవాటి జోలికి పోరు.

కన్నే ఎందుకంటే, అండాశయం ఎదగకుండా ఆపి ఉంచే హార్మోను తయారయ్యేదీ నిల్వ ఉండేదీ ఆ కాడలోనే. ఒకటి తీసేస్తే ఆ అదుపు సగానికి సగం తప్పిపోతుంది. కొద్ది రోజుల్లోనే వీపు పెంకు కింద అండాశయం ముదురు రంగు చారలా కనపడడం మొదలవుతుంది. పండిన ఆడవాటిని ఏరి మగ తొట్టిలో వేసి, జత కట్టిన వాటిని రాత్రికి గుడ్ల తొట్టికి మారుస్తారు. రెండు కాడలూ తీస్తే రొయ్య దిక్కు తెలియక తిరుగుతుంది, చచ్చిపోతుంది కూడా. కాబట్టే ఒక కంటితో ఆపుతున్నారు. దయతో ఆపుతున్నారనుకోనక్కర్లేదు.

ఆ కాడలో ఉన్నది ఆ ఒక్క హార్మోనే కాదు. పెంకు మార్చుకోవడాన్ని, రక్తంలో చక్కెరను నడిపించేవీ అక్కడే ఉన్నాయి. అందుకే కాడ తీశాక రొయ్య ఒంట్లో మిగతా లెక్కలూ తప్పుతాయి. పెంకు మార్చే ముందో, మార్చిన వెంటనే మెత్తగా ఉన్నప్పుడో చేస్తే రక్తం ఎక్కువ పోయి మరణాలు పెరుగుతాయి. వరసగా గుడ్లు పెట్టించేకొద్దీ గుడ్ల నాణ్యత తగ్గుతూ పోతుంది. ఇది హేచరీ టెక్నీషియన్లు ఎవరినడిగినా చెప్పే మాటే. అందుకే కొన్ని నెలలకే తల్లులను మార్చేస్తారు.

2. నొప్పి లెక్క

1789లో ఇంగ్లండుకు చెందిన జెరెమీ బెంథామ్ అడగాల్సిన ప్రశ్నను తేల్చేశాడు. జంతువులు ఆలోచించగలవా, మాట్లాడగలవా అన్నది కాదు, బాధపడగలవా అన్నదే ప్రశ్న అన్నాడు. ఆ దారినే నడిచిన పీటర్ సింగర్ 1975లో, లెక్కలోకి వచ్చే ప్రాణులకూ రాని ప్రాణులకూ మధ్య గీత ఎక్కడ గీయాలో వెతుకుతూ, రొయ్యకూ ఆల్చిప్పకూ మధ్య ఎక్కడో ఉంటుందని రాశాడు. అంటే సరిహద్దు మీద ఉన్న ప్రాణి మన చెరువుల్లోదే.

గీత ఎటు పడుతుందో ప్రయోగాలు చెప్పాలి. చెప్పినంతలో ఇదీ. ఖాళీ గుల్లల్లో తలదాచుకునే సన్యాసి పీతల మీద 2009లో అచ్చైన ప్రయోగంలో గుల్ల లోపల చిన్న విద్యుత్ షాక్ ఇచ్చారు. నచ్చని గుల్లలో ఉన్న పీతలు తేలిగ్గా బయటికి వచ్చేశాయి. ఇష్టమైన గుల్లలో ఉన్నవి ఓర్చుకుని లోపలే ఉన్నాయి. గిల్లితే ఉలిక్కిపడడం లాంటి ప్రతిచర్యే అయితే గుల్ల మంచిదా కాదా అన్న బేరం ఉండదు. ఇక నేరుగా వనామీ ఆడ రొయ్యల మీదే 2004లో అచ్చైన అధ్యయనం ఉంది. కాడ తీసే ముందు పైపూతగా మత్తుమందు రాస్తే ఒత్తిడి చిహ్నాలు తగ్గాయి.

దీనికి ఎదురు సాక్ష్యమూ ఉంది, దాచం. వనామీకి దగ్గరి జాతి తెల్ల రొయ్య సహా మూడు జాతుల మీద 2010లో చేసిన పనిలో ఆమ్లం, క్షారం తగిలించినా నొప్పి చిహ్నాలు కనపడలేదు. మత్తుమందు నొప్పిని తగ్గించిందా, కదలికలనే మందగింపజేసిందా అన్న సందేహాన్ని కూడా కొందరు శాస్త్రజ్ఞులు లేవనెత్తారు. పీతల విషయంలో ఉన్నంత గట్టి ఆధారం వనామీ కుటుంబానికి ఇంకా లేదు. కారణం ముఖ్యంగా పరీక్షలు తక్కువ జరగడం. లేదని తేలడం వేరు, వెతకకపోవడం వేరు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు ఉన్న ఆధారాలన్నీ కూర్చి 2021లో నివేదిక ఇస్తే, బ్రిటన్ 2022 చట్టంలో పది కాళ్ల పెంకు ప్రాణులన్నిటినీ బాధ తెలిసినవిగా చేర్చింది. అందులో రొయ్యలూ ఉన్నాయి.

మీరు అడుగుతున్న రుజువు ఎంత గట్టిగా ఉండాలి? మత్తుమందు సీసా ఒక పక్క, కాల్చిన పటకారు ఒక పక్క పెట్టుకుని, సందేహమున్నంత కాలం పటకారే వాడతామనడం ఏ లెక్కన చూసినా జాగ్రత్త కాదు. కొత్త రసాయనానికి అనుమతి ఇచ్చేటప్పుడు మీరే సందేహం ఉంటే ఆగమంటారు.

3. హక్కుల లెక్క

హక్కుల వాదాన్ని పద్ధతిగా కట్టింది అమెరికాకు చెందిన టామ్ రీగన్, 1983లో. కోరికలు, జ్ఞాపకం, రేపటి ఎరుక, తన మంచిచెడ్డలు తనవిగా అనుభవించే జీవితం ఉన్న ప్రాణికి తనదైన విలువ ఉంటుందని, దాన్ని మరొకరి లాభానికి సాధనంగా వాడకూడదని ఆయన వాదన. ఎంత లాభమొస్తుందని లెక్కేసి ఆ విలువను కొట్టేయడానికి వీల్లేదు. ఆయన నిస్సందేహంగా లోపల చేర్చింది ఏడాది దాటిన క్షీరదాలను. రొయ్య ఆ జాబితాలో స్పష్టంగా లేదు.

దీన్నే మీ జవాబు ఆసరాగా తీసుకుంటోంది. కానీ ఆ కొలమానం ఉంటే హక్కు ఉన్నట్టేనని రీగన్ అన్నాడే గాని, లేకపోతే హక్కు లేనట్టేనని అనలేదు. పైగా హక్కుల వాదులందరూ ఆ గీత దగ్గర ఆగరు. బాధ తెలిస్తే చాలు, ఆస్తిగా వాడబడకుండా ఉండే హక్కు వస్తుందని గ్యారీ ఫ్రాన్సియోన్ లాంటివారు అంటారు. అంటే హక్కుల దారిలో వెళ్లినా మళ్లీ రెండో అంశంలోని ప్రయోగాల దగ్గరికే రావాలి.

మన చట్టం సంగతి. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960, సెక్షన్ 2 ప్రకారం మనిషి కాని ప్రతి ప్రాణీ జంతువే. వెన్నెముక ఉండాలన్న షరతు లేదు. సెక్షన్ 3 ప్రాణిని తన దగ్గర ఉంచుకున్న మనిషికి అనవసరమైన నొప్పి కలగకుండా చూసే బాధ్యత పెడుతుంది. సెక్షన్ 11 అంగచ్ఛేదాన్ని నేరాల్లో చేర్చి, కొన్నిటికి మినహాయింపు ఇస్తుంది. నిర్దేశించిన పద్ధతిలో పశువుల కొమ్ములు తీయడం, వృషణాలు తీయడం, వాతలు పెట్టడం, ముక్కుతాడు వేయడం అందులో ఉన్నాయి. కంటి కాడ తీయడం లేదు. ఆహారం కోసం చంపే క్రమంలో జరిగే పనులకు కూడా ఒక మినహాయింపు ఉందని అనొచ్చు. తల్లి రొయ్య కాడ తీసేది దాన్ని చంపి తినడానికి కాదు, నెలల తరబడి గుడ్లు పెట్టించడానికి. (మొదటి నేరానికి జరిమానా పది నుంచి యాభై రూపాయలు.)

సుప్రీంకోర్టు 2014లో జల్లికట్టు కేసులో జంతువుల గౌరవాన్ని, వాటి ఐదు స్వేచ్ఛలను హక్కుల భాషలో చెప్పింది. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, జంతువులకు ప్రాథమిక హక్కులున్నాయనడానికి పూర్వ తీర్పు లేదని, ఆ పని చట్టసభ చూసుకోవాలని అంది. కాబట్టి రొయ్యకు ప్రాథమిక హక్కు ఉందని మేము వాదించడం లేదు. 1960 చట్టం మాత్రం చెక్కుచెదరలేదు. అది అడిగేది హక్కు ఉందా అని కాదు, నొప్పి అనవసరమైనదా అని.

4. రెండు వాదాలూ విడిపోయే చోటు

రెండూ ఒకటే చెబుతాయని మిమ్మల్ని మభ్యపెట్టం. రెండు చోట్ల గట్టిగా విడిపోతాయి, రెండూ మీ నిబంధనలకు పనికొచ్చేవే.

మొదటిది మత్తుమందు. నొప్పి మాత్రమే లెక్కైతే, మందు రాసి, గట్టి పెంకు ఉన్నప్పుడు, చేయి తిరిగిన మనిషితో కాడ తీయిస్తే అభ్యంతరం చాలావరకు తగ్గిపోతుంది. హక్కుల వాది ఒప్పుకోడు. నొప్పి లేకుండా కన్ను తీసినా కన్ను పోయినట్టే, ఆ ప్రాణిని గుడ్ల యంత్రంగా వాడినట్టే అంటాడు. ఇక్కడ హక్కుల వాదానిదే పైచేయి అని మా అభిప్రాయం. మందు ప్రభావం కొద్దిసేపే ఉంటుంది. కాడ పోయాక తప్పిన చక్కెర, పెంకు లెక్కలు బతికున్నన్నాళ్లూ ఉంటాయి. నొప్పి లెక్కలోనే వాటినీ కలిపితే మత్తుమందు పరిష్కారం అనిపించుకోదు, ఉపశమనం మాత్రమే.

రెండోది సంఖ్య. కాడ తీయని ఆడ రొయ్యలు రోజుకు తక్కువ సంఖ్యలో పండుతాయి. చెరువులో వేసే పిల్లలు, అంటే సీడ్, అంతే కావాలంటే తల్లులను ఎక్కువ పెట్టుకోవాలి. గాయపడ్డ రెండు వందల రొయ్యలు మేలా, గాయం లేని నాలుగు వందల బందీలు మేలా? బాధను మొత్తంగా కూడేవారు ఈ ప్రశ్నను తప్పించుకోలేరు. హక్కుల వాది రెండూ తప్పేనంటాడు, అంతకుమించి దారి చూపడు. హేచరీ రేపు మూతపడదని తెలిసిన మేము నొప్పి లెక్కనే పట్టుకుంటున్నాం. తొట్టిలో పలచగా వేసి, తిండి సరిగ్గా పెట్టి, తక్కువ మరణాలతో ఉంచిన నాలుగు వందల వైపే మేము మొగ్గుతాం. కిక్కిరిసిన తొట్టిలో నాలుగు వందలైతే ఆ మొగ్గు చెల్లదు. కాడ తీయకూడదన్న నియమంతో పాటు తొట్టి సాంద్రతకూ పరిమితి అడుగుతున్నది ఇందుకే.

5. అవసరమా అన్నదాన్ని కొలవొచ్చు

కాడ తీయకపోతే సీడ్ దొరకదు, రైతు దెబ్బతింటాడు అన్నది తరచూ వినే మాట. లెక్క వేద్దాం. కింది అంకెలు లెక్క పద్ధతి చూపడానికి మేము అనుకున్నవి. మీ హేచరీ అంకెలు అందులో వేసి చూసుకోండి.

కాడ తీసిన ఆడ రొయ్యలు 200 ఉన్నాయనుకోండి. రోజూ పది శాతం, అంటే 20 రొయ్యలు గుడ్లు పెట్టాయి. ఒక్కోదానికి గుడ్ల నుంచి అప్పుడే బయటికి వచ్చిన పిల్లలు, అంటే నాప్లీ, లక్ష చొప్పున రాత్రికి 20 లక్షలు, తొంభై రాత్రులకు 18 కోట్లు. కాడ తీయకపోతే పండేవి ఐదు శాతమే అనుకుంటే 400 ఆడవి కావాలి. అదనపు 200కు ఒక్కోటి 5,000 రూపాయలైతే 10 లక్షలు. దాన్ని 18 కోట్లకు పంచితే నాప్లీకి అర పైసా పైచిలుకు. సగం బతికి సీడ్ అయితే పిల్లకు 1.1 పైసా. చదరపు మీటరుకు 40 పిల్లల చొప్పున ఎకరానికి లక్షా 60 వేలు వేసే రైతుకు పడే అదనం సుమారు 1,800 రూపాయలు. తల్లుల మేత, తొట్టి స్థలం, మనుషుల ఖర్చు కలిపి ఇది రెండింతలైనా, మూడింతలైనా ఒక్క పంటలో వైట్ స్పాట్ వైరస్ జబ్బు మిగిల్చే నష్టం పక్కన నిలవదు.

తల్లులు వాటంతటవే పండాలంటే చేయాల్సిన పనులు కొత్తవేం కావు. తొట్టిలోకి తెచ్చే ముందే కొన్ని వారాలు పాలీకీట్ పురుగులు, స్క్విడ్, ఆర్టీమియా లాంటి తాజా మేతతో తయారు చేయాలి. నీటి వేడిని 28 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచాలి, వెలుతురు మసకగా, రోజూ ఒకే వేళకు మారేలా చూడాలి, అలికిడి తగ్గించాలి. మగవాటికంటే ఆడవి ఎక్కువ ఉండేలా కూర్చాలి. కాడ తీయకుండానే త్వరగా పండే వంశాల నుంచి తల్లులను ఎంచుకోవాలి. వీటిలో ఒకటి కుంటుపడినా ఎక్కడ తేడా వచ్చిందో తెలిసే గుర్తు ఉంది. రోజూ పండుతున్న ఆడవాటి శాతం రాసుకుంటూ ఉంటే, అది పడిపోయిన వారంలో వేడో, మేతో మారి ఉంటుంది. కాడ తీసిన తొట్టిలో ఆ తప్పు కనపడదు. తిండి చాలకపోయినా గుడ్లు వస్తూనే ఉంటాయి, పిల్లల్లో బలం తగ్గుతుంది.

6. భారం ఎవరి మీద పడుతోంది

ఆ బలహీనత చివరికి చేరేది చెరువు గట్టుకే. స్టెర్లింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాలుపంచుకున్న 2021 అధ్యయనంలో, కాడ తీయని తల్లుల పిల్లలు రైతులు ఈఎంఎస్ అని పిలిచే విబ్రియో జబ్బును, వైట్ స్పాట్‌ను బాగా తట్టుకున్నాయి. అది ప్రయోగశాల పరీక్ష. మన చెరువుల్లో ఉప్పదనం, వేడి, సాంద్రత వేరు, కాబట్టి ఇక్కడ పరీక్షించకుండా అదే ఫలితం వస్తుందని మేము హామీ ఇవ్వం. ఆ పరీక్ష ఎందుకు పెట్టలేదన్నదే మా ఫిర్యాదు. సీడ్ కొనే రైతుకు సంచి మీద తల్లి ఎలాంటిదో తెలిపే ఒక్క అక్షరం ఉండదు.

ఎగుమతి వైపు చూసినా ఇదే. ఐరోపా సమాఖ్య సేంద్రియ నిబంధనలు కాడ తీయడాన్ని, కట్టడాన్ని, కోయడాన్ని, నొక్కడాన్ని అన్నిటినీ నిషేధించాయి. కొనేవాడు అడిగిన రోజున చూపడానికి రికార్డు లేకపోతే ధర తగ్గేది చిన్న రైతుకు. హేచరీ కూలీ సంగతి ఎవరూ ఎత్తరు. వేడి పటకారుతో గంటల కొద్దీ ఆ పని చేయించేది వాళ్లతోనే.

7. మేము కోరుతున్నవి

అ. ప్రతి తల్లి తొట్టికి రిజిస్టరు ఉండాలి. ఆడవి ఎన్ని, కాడ తీసినవి ఎన్ని, ఆ రోజు పండినవి, జత కట్టినవి, వచ్చిన నాప్లీ, చచ్చిపోయినవి రాయాలి. తనిఖీకి వచ్చినవారు తొట్టిలో ఒక కంటి రొయ్యలను లెక్కపెట్టి రిజిస్టరుతో పోల్చాలి. ఇది పెట్టడానికి ఎవరికీ కొత్త చట్టం అక్కర్లేదు.

ఆ. గడువు వచ్చేలోపు మత్తుమందు పూత లేకుండా కాడ తీయకూడదు. మెత్తని పెంకు ఉన్న రొయ్యకు అసలే తీయకూడదు. దారం కట్టే పద్ధతిని వెంటనే ఆపాలి, ఎందుకంటే అందులో కాడ రాలిపోయేదాకా రోజుల తరబడి గాయం అలాగే ఉంటుంది. ఈ అంశం మాలో హక్కుల వైపు ఉన్నవారికి ఇష్టం లేదు. గడువు తేదీ పక్కనే రాస్తేనే దీనికి ఒప్పుకున్నారు.

ఇ. కొత్తగా అనుమతి పొందే హేచరీలు మొదటి రోజు నుంచే కాడ తీయకుండా నడవాలి. ఉన్నవాటికి మూడేళ్ల గడువు ఇవ్వాలి. తొట్టిలో ఆడ రొయ్యల సాంద్రతకు పరిమితి అదే ఉత్తర్వులో ఉండాలి. తల్లుల సంఖ్య పెరుగుతుంది కాబట్టి దిగుమతి అనుమతుల్లోనూ ఆ మేరకు వెసులుబాటు ఇవ్వాలి. లేకపోతే చిన్న హేచరీలు మూతపడి పెద్దవే మిగులుతాయి.

ఈ. ప్రభుత్వ సంస్థల తల్లి రొయ్య కేంద్రాల్లో, ఒకే వంశం తల్లులను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి కాడ తీసి, రెండోదానికి తీయకుండా పోల్చి చూడాలి. వాటి సీడ్‌ను ఒకే ఊరిలో పక్కపక్క చెరువుల్లో వేయాలి. బతికిన శాతం, జబ్బులు, కిలోకు ఎన్ని తూగాయో చెప్పే కౌంట్ తెలుగులో ప్రచురించాలి. కాడ తీయని తల్లుల పిల్లలే బలహీనమని తేలితే ఆ ఫలితమూ దాచకుండా పెట్టాలి.

ఉ. సీడ్ సంచి మీదా, బిల్లు మీదా తల్లి కాడ తీసినదో కాదో రాయాలి.

ఊ. 1960 చట్టం సెక్షన్ 38 కింద కేంద్రం నియమాలు చేయవచ్చు. కంటి కాడ తీయడం సెక్షన్ 11లోని అంగచ్ఛేదం కిందికి వస్తుందో రాదో ఆ నియమాల్లో తేల్చమని రాష్ట్రం తరఫున లేఖ రాయాలి. రాదని మీరు అనుకుంటే, ఏ మినహాయింపు కింద రాదో సెక్షన్ సంఖ్యతో మాకు రాతపూర్వకంగా చెప్పాలి.

ఈ లేఖకు జవాబుగా నొప్పికి రుజువు లేదని రాసేట్లయితే, ఎలాంటి పరీక్షలో ఏం కనపడితే రుజువని ఒప్పుకుంటారో కూడా అందులో రాయండి. ఆ పరీక్ష చేయడానికి తొట్టి, టెక్నీషియన్, తల్లులు ఇవ్వగల హేచరీలు కోస్తా పొడవునా ఉన్నాయి.

ఇట్లు,
ఆక్వా, పశువైద్య, న్యాయ రంగాల్లో పనిచేస్తున్న కొందరం